ఫొటో కింద పిలుపు

బెళుగుప్ప మండలంలో చాలా ఇళ్లకు బెంగళూరుతో సంబంధం ఉంది. కొడుకో, మనవడో, అల్లుడో అక్కడ పనిలో ఉంటాడు. ఉగాదికో, పీర్ల పండగకో, ఊరి జాతరకో అందరూ ఇల్లు చేరుతారు. చేరినాక ఫోన్లు బయటికి వస్తాయి, ఫొటోలు తీస్తారు, ఆ రాత్రికే అవి స్టేటస్‌లోకి ఎక్కుతాయి. ఫొటో తీయడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. దాని కింద రెండు మాటలు రాయాల్సి వచ్చినప్పుడే తడబడతారు. పొద్దంతా నోటినిండా పిలిచిన పెద్దమనిషిని రాతలో ఏమని పిలవాలో తోచదు. ఆ తడబాటు గురించే ఈరోజు మాట్లాడుకుందాం. పెద్దవాళ్ల ఫొటో కింద ఏం రాయాలి, స్నేహితుల ఫొటో కింద ఏం రాయాలి, ఒకరికి తగిన పిలుపు ఇంకొకరికి ఎందుకు తగదు అన్నది విషయం.

ఒక ఫొటో తీసుకుందాం. తొలకరికి ముందు రోజులు. వేరుశనగ విత్తనానికి కాయలు ఒలిచే కాలం. పడసాలలో గోడకు ఆనుకొని జేజి కూర్చుంది. ముందర చాట, పక్కన కాయల మూట, ఒళ్లో పొట్టు. బొటనవేలితో కాయ మూతిని నొక్కి, గింజ చిట్లకుండా తీస్తా ఉంది. మనవడు ఫొటో తీసినాడు. బాగా వచ్చింది. కింద ఇట్లా రాసినాడు అనుకుందాం: "మా నాయనమ్మ గారు వేరుశనగలు ఒలుచుచున్నారు."

ఇందులో వ్యాకరణం తప్పు లేదు, మర్యాదా తక్కువ కాలేదు. కానీ ఆ వాక్యంలో జేజి లేదు. ఆ పిల్లవాడు పుట్టినప్పటి నుంచి ఆమెను నాయనమ్మ గారు అని ఒక్కసారైనా పిలవలేదు. మన సీమలో చాలా ఇళ్లలో నాయన తల్లి జేజి, అమ్మ తల్లి అవ్వ. కొన్ని ఇళ్లలో ఇద్దరూ అవ్వలే. పాఠ్యపుస్తకంలో నాయనమ్మ అని ఉంది కాబట్టి రాసేటప్పుడు అదే రాయాలని పిల్లలు అనుకుంటారు. దానికి గారు తగిలిస్తే ఇంకా మర్యాద అనుకుంటారు. రేపు ఎవరైనా ఆ ఫొటోను ఆమెకు చూపించి కింద రాసింది చదివి వినిపిస్తే, ఎవరి గురించి రాసినార్రా అని ఆమే అడుగుతుంది.

అదే మనవడు "మా జేజి. విత్తనక్కాయలు ఒలుస్తా ఉంది" అని రాస్తే సరిపోయేది. ఇక్కడ కొందరికి ఒక అనుమానం వస్తుంది. "ఉంది" అన్నాం కదా, "ఉన్నారు" అనాలి కదా అని. తెలుగులో మగవాళ్లకు వచ్చినాడు, వచ్చినారు అని రెండు రూపాలు ఉన్నాయి. ఆడవాళ్లకు ఏకవచనంలో ప్రత్యేకమైన రూపం లేదు. ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, అమ్మ వచ్చింది, అన్నీ ఒకటే. అందుకే "ఉంది" అని రాస్తే చిన్నచూపు చూసినట్టు అవుతుందేమోనని భయం. ఆ భయం అక్కరలేదు. జేజి, అమ్మ, అవ్వ అనే వరుసమాటలోనే గౌరవం ఉంది, ఆ పక్కన "ఉంది" అనేది చనువు అవుతుంది కానీ చులకన కాదు. వరుస లేకుండా ఒట్టి పేరు రాసి, "లక్ష్మమ్మ కాయలు ఒలుస్తోంది" అంటే అప్పుడు తేడా తెలుస్తుంది. రాసినవాడికీ ఆమెకూ మధ్య ఏమీ లేనట్టు అయిపోతుంది. వరుస లేని చోట క్రియలో గౌరవం పెట్టాలి: "లక్ష్మమ్మ గారు ఒలుస్తున్నారు." వరుస ఉన్న చోట ఆ బరువు వరుసే మోస్తుంది.

ఇంకో సంగతి చూడాలి. ఈ వాక్యం ఎవరి ముఖం చూసి మాట్లాడుతోంది? "మా జేజి ఒలుస్తా ఉంది" అన్నప్పుడు మనవడు ఫొటో చూసేవాళ్లతో మాట్లాడుతున్నాడు. "జేజీ, ఎన్ని శేర్లు ఒలిస్తివి?" అన్నప్పుడు జేజితోనే మాట్లాడుతున్నాడు, మనం పక్కన నిలబడి వింటున్నాం. మొదటిదాంట్లో జేజి, రెండోదాంట్లో జేజీ. చివరి అచ్చు సాగిందంటే పిలుస్తున్నట్టు. అవ్వ, అవ్వా. అన్న, అన్నా. గారు, గారూ. రెండు రకాల వాక్యాలూ మంచివే, కానీ రెండూ ఒక్కదాంట్లోనే కలిస్తే వాక్యం ఎటు తిరిగి ఉందో తెలియదు. "జేజీ ఒలుస్తా ఉంది, నీ చేతులకు మొక్కాలి" అని రాసినాడంటే పిలిచినాడా, చెప్పినాడా?

ఇంట్లో మనవడు "ఎన్ని ఒలిస్తివే జేజీ" అని కూడా అంటాడు. ఆ "వే" గారాబం. జేజి దానికి మురిసిపోతుంది కూడా. కానీ ఆ ఫొటోను బెంగళూరు ఆఫీసులో ఉండేవాళ్లు చూస్తారు, పెళ్లి మాటలు నడుస్తున్న ఇంటివాళ్లు చూస్తారు. వాళ్లు ఆ గారాబాన్ని వినలేదు, అక్షరాన్నే చదువుతారు. గొంతులో ఉన్న ముద్దు రాతలోకి రాదు. అందుకని "ఒలిస్తివి" దాకా రాసి, ఆ "వే"ని ఇంటికి వదిలేయడం మేలు.

ఇక మగవాళ్ల సంగతి. ఇక్కడ రెండు రూపాలు ఉన్నాయి కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. నాయన సంతకు పోయి వచ్చినాడు అని మన దగ్గర కొడుకులు అంటారు. కోస్తా వైపు కొన్ని ఇళ్లలో నాన్నగారు వచ్చారు అంటారు. కొడుకు "వచ్చినాడు" అన్నంత మాత్రాన మన దగ్గర నాయనకు మర్యాద తగ్గదు. అయితే అదే ఇంట్లో, అదే మనిషి గురించి, కోడలు "మామ వచ్చినారు" అంటుంది. ఆమె వచ్చినాడు అంటే ఇల్లంతా తలెత్తి చూస్తుంది. ఒక్క ఫొటోనే కొడుకూ కోడలూ ఇద్దరూ స్టేటస్‌లో పెట్టుకుంటే, కొడుకు కింద "నాయన కొత్త కాడెద్దులను తోలుకొచ్చినాడు" అని ఉండొచ్చు, కోడలు కింద "మామ కొత్త కాడెద్దులను తోలుకొచ్చినారు" అని ఉండొచ్చు. రెండూ ఒప్పే. ఫొటోలో ఎవరు ఉన్నారన్నది ఒక్కటే కాదు, రాసేది ఎవరన్నది కూడా పిలుపును నిర్ణయిస్తుంది. అందుకే ఒకరి క్యాప్షన్‌ను ఇంకొకరు ఎత్తుకొని పెట్టుకుంటే పొసగదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు, జె.పి.ఎల్. గ్విన్ గారు కలిసి 1985లో ఆధునిక తెలుగుకు ఇంగ్లీషులో ఒక వ్యాకరణం వెలువరించారు. వాడు, అతను, ఆయన, వారు అనే మాటల్లో గౌరవం మెట్లుమెట్లుగా పెరగడాన్ని అందులో చూపించారు. మన అనంతపురం నోట ఆ మెట్ల మధ్యలో ఇంకో మెట్టు ఉంది: ఆయప్ప, ఆయమ్మ. "ఆయప్ప చెప్పినాడు," "ఆయమ్మ ఇచ్చింది." ఇందులో మరీ దూరం లేదు, మరీ చనువు లేదు. వరుస కలపడానికి చుట్టరికం లేని పెద్దమనిషికి ఇది చక్కగా అతుకుతుంది. ఊరిబయట టీ అంగడి నడిపే పెద్దాయన ఫొటో పెట్టినారనుకోండి. "ఈయప్ప చేతి టీ తాగకుండా మేం బస్సు ఎక్కం" అని రాస్తే మన ఊరి గాలి ఆ వాక్యంలో ఉంటుంది. ఇది పల్లెమాట అని సిగ్గుపడి "ఈ వ్యక్తి" అని రాసేవాళ్లు ఉన్నారు. వ్యక్తి అనే మాట పోలీసు కాగితాల్లో బాగుంటుంది, టీ పోసిచ్చే మనిషికి బాగుండదు.

ఇప్పుడు గారు దగ్గరికి వద్దాం. దీన్ని ఎక్కడ పెట్టినా మర్యాదే అనుకుంటాం. కొన్నిచోట్ల అది వరుసనే మార్చేస్తుంది. మామ అంటే అమ్మ తమ్ముడో అన్నో కావచ్చు, అత్త మొగుడు కావచ్చు. మామగారు అంటే చాలామందికి పిల్లనిచ్చిన మామ. అత్త అంటే నాయన తోబుట్టువు కావచ్చు, అత్తగారు అంటే పెళ్లితో వచ్చిన అత్త. పెళ్లి కాని పిల్లవాడు మేనత్తతో ఫొటో దిగి, మర్యాద ఎక్కువై "మా అత్తగారితో" అని రాస్తే, తెల్లారేసరికి నీకు పెళ్లెప్పుడయిందిరా అని ఫోన్లు వస్తాయి. మేనత్తను "మా అత్త" అంటే చాలు. ఇంకా తేలిగ్గా తెలియాలంటే "మా మేనత్త" అనాలి.

గారు తప్పేది ఎక్కువగా ఫ్లెక్సీల మీద. పెద్దాయన పుట్టినరోజుకు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కడతారు. ఫొటో కింద "ఫలానా గారు జన్మదిన శుభాకాంక్షలు" అని ఉంటుంది. శుభాకాంక్షలు ఎవరికి? "గారికి" అనాలి. లేదా పిలుస్తున్నట్టు "గారూ," అని దీర్ఘమిచ్చి, కామా పెట్టి, "మీకు జన్మదిన శుభాకాంక్షలు" అనాలి. "గారు" అని ఊరికే నిలబెడితే ఆయనే మనకు శుభాకాంక్షలు చెబుతున్నాడేమో అనిపిస్తుంది. కింద "ఇట్లు" అని రాసి చెప్పేవాళ్ల పేర్లు వేసినప్పుడు ఆ పేర్లకు గారు ఉండకూడదు. తన పేరుకు తానే గారు పెట్టుకోవడం తెలుగు మర్యాద కాదు. ఫ్లెక్సీ అంగడిలో పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి అచ్చు వేస్తారు కాబట్టి పై పేరుకు ఉండాల్సిన గారు కింది పేర్లకు, కింద ఉండకూడనిది పైకి, అట్లా దొర్లుకుంటూ పోతుంది. అచ్చుకు ముందు తెర మీద చూపించినప్పుడు ఫొటో సైజు ఒకటే చూడకుండా, ప్రతి పేరు చివరా వేలు పెట్టి చదవాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. కీబోర్డు మీద ఆర్, డి దగ్గరదగ్గరే ఉంటాయి. వేలు కొంచెం జారితే గారు కాస్తా గాడు అయిపోతుంది. పెద్దాయన పేరు చివర గాడు పడితే ఆ ఊళ్లో పంచాయితీయే.

నువ్వు, మీరు కలిసిపోవడం ఇంకో తప్పు. "నాన్నా, మీరే నా బలం, నీ చెయ్యి పట్టుకొని నడక నేర్చుకున్నా" అనే రకం వాక్యాలు చాలా కనిపిస్తాయి. ఒక ముక్క ఒకచోట, ఇంకో ముక్క ఇంకోచోట దొరికింది తెచ్చి అతికించినవి అవి. దీన్ని పట్టుకోవడం సులభం. వాక్యంలో ఉన్న ప్రతి క్రియ చివరి అక్షరం చూడండి. నేర్పినావు, నేర్పితివి అని ఉంటే అది నువ్వు. నేర్పినారు అని ఉంటే అది మీరు. నీ, నీకు ఒక జట్టు, మీ, మీకు ఒక జట్టు. ఇంట్లో నాయనను ఏమంటారో ఆ జట్టునే మొదటి నుంచి చివరిదాకా పట్టుకోండి. నాయనను నువ్వు అనే ఇంట్లో పెరిగిన కొడుకు, నలుగురు చూస్తారని ఫొటో కింద మీరు అంటే, మిగతావాళ్లకు మర్యాదగా కనిపించవచ్చు గాని నాయనకు మాత్రం కొడుకు దూరం జరిగినట్టే ఉంటుంది.

స్నేహితుల దగ్గరికి వద్దాం. జీడిపల్లి రిజర్వాయరు గట్టు మీద నలుగురు దోస్తులు ఫొటో దిగినారు. హంద్రీ-నీవా నీళ్లు వచ్చినప్పటి నుంచి ఫొటోలు దిగడానికి మన పిల్లలు అక్కడికి పోతూనే ఉన్నారు. కింద "రేయ్ సీనుగా, నీళ్లు చూస్తేనే వణికినావు గదరా" అని ఒకడు రాసినాడు. నలుగురి గ్రూపులో ఇది అమృతం. సీనును అట్లా పిలిచే హక్కు ఆ ముగ్గురికే ఉంది, సీనుకు అందులో ఆనందమే ఉంది. అదే వాక్యం అందరూ చూసే చోట పెట్టినప్పుడు సీను వాళ్ల నాయన చూస్తాడు, కొత్తగా పిల్లనిచ్చిన మామ చూస్తాడు, సీను చదువు చెప్పే బడిపిల్లలు చూస్తారు. వాళ్ల కంటికి అక్కడ కనిపించేది సీనుగాడు, గదరా. దానికి పరిష్కారం సీనును మీరు అనడం కాదు, అట్లా అంటే సీనుకే కోపం వస్తుంది. "సీనూ, నీళ్లు చూస్తేనే వణికినావు గదా" అంటే చాలు. నువ్వు అట్లాగే ఉంది, ఎగతాళి అట్లాగే ఉంది, గాడు, రా మాత్రం పోయినాయి. నువ్వు ఎవరినీ చిన్నబుచ్చదు. మన ప్రాంతంలో "అన్నా, నువ్వు రా" అంటే అందులో పూర్తి గౌరవం ఉంది. నాలుగు ఏండ్లు పెద్దవాడు ఆ ఫొటోలో ఉంటే, "సీనన్నా, వణికినావు గదన్నా" అంటే స్నేహమూ ఉంటుంది, వయసుకు ఇచ్చే విలువా ఉంటుంది.

కుర్రవాళ్ల పిలుపుల్లో మామా, బావా అనేవి ఇప్పుడు ఎక్కువ. బెంగళూరు నుంచి మచ్చా, మగా కూడా బస్సెక్కి వచ్చినాయి. మచ్చా, మగా మన ఊళ్లో ఎవరి చుట్టరికాన్నీ సూచించవు కాబట్టి అపార్థం లేదు. మామా, బావా అట్లా కాదు. ఇద్దరు మగపిల్లలు మామా అనుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఒక ఆడపిల్ల తన క్లాస్‌మేట్ ఫొటో కింద మామా అనో, బావా అనో రాస్తే, మన పల్లెల్లో దాన్ని వేరేగా చదువుతారు. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు నడిచిన ప్రాంతం ఇది. ఇక్కడ ఆ రెండు మాటలు పెళ్లి వరుసలు. ఆ పిల్ల మనసులో అట్లాంటి ఉద్దేశం లేకపోవచ్చు, నగరంలో అందరూ అంటున్నారని అని ఉండవచ్చు. కానీ తిప్పలు పడేది ఆ పిల్లే. ఆమెకు చెప్పదగిన సలహా ఒకటే: పేరు రాయమనండి. పేరుకు మించిన క్షేమమైన పిలుపు స్నేహంలో లేదు. అన్నా అనడం కూడా పరిష్కారం కాదు. అన్నా అంటే తోబుట్టువు వరుస కలిపినట్టు, అది ఇంకో మాట ఇచ్చినట్టు అవుతుంది. ఆడపిల్లలు తమలో తాము ఏమే, ఒసే అనుకోవడం ముద్దుగా ఉంటుంది. అదే మాట మగపిల్లవాడు ఆమె ఫొటో కింద రాస్తే మోటు.

నాకు అన్నిటికంటే ఎక్కువగా పట్టింపు ఉన్న విషయం ఇప్పుడు చెబుతాను. కళ్లంలో కాయలు పీకేటప్పుడు ఫొటో తీస్తారు. పొలం ఆసామి, ఆయన భార్య, పనికి వచ్చిన ఏడెనిమిది మంది అందులో ఉంటారు. క్యాప్షన్‌లో ఆసామికి గారు, భార్యకు గారు, మిగతావాళ్లకు "కూలీలు." లేదా వాళ్లలో ఒకరిద్దరి పేర్లు, అవి కూడా తెగిన పేర్లు. హనుమంతప్పను హనుమంతు అనీ, నాగప్పను నాగడు అనీ. హనుమంతప్ప అనే పేరులోనే అప్ప ఉంది. ఎర్రెమ్మ అనే పేరులోనే అమ్మ ఉంది. మన ప్రాంతపు పేర్లలో గౌరవం పేరుతోపాటే పుడుతుంది. కులాన్ని బట్టి ఆ చివరి అప్పనూ అమ్మనూ కోసేసి పిలవడం మన పల్లెల్లో చాలా కాలం నడిచింది. డెబ్బై ఏండ్ల మనిషిని పదేండ్ల పిల్లవాడు ఒరే అన్న రోజులు ఉన్నాయి, పూర్తిగా పోయినాయని కూడా అనలేం. నోటితో అన్న మాట గాలికి పోయేది. ఇప్పుడు అదే అలవాటు ఫొటో కింద అక్షరమై నిలుస్తోంది, ఆ ముసలాయన మనవరాలు దాన్ని తన ఫోన్‌లో చదువుకుంటోంది. కాబట్టి పేరు పూర్తిగా రాయాలి. ఒకరికి గారు పెడితే ఆ వయసున్న అందరికీ పెట్టాలి, లేదా అందరికీ తీసేయాలి. ఊరి వరుసలు అనేవి ఒకటి ఉన్నాయి. కులం వేరైనా మామా, పెద్దమ్మా, చిన్నాయనా అని కలుపుకొని పిలుచుకుంటాం కదా. ఆ పిలుపు నోటికి వచ్చినప్పుడు రాతకూ రావాలి.

ఆ కళ్లం ఫొటోకే ఒక క్యాప్షన్ రాసి చూద్దాం. ఫొటోలో ఆసామి రామిరెడ్డి, పనికి వచ్చిన హనుమంతప్ప, ఎర్రెమ్మ, సెలవుకు వచ్చిన దోస్తు సీను ఉన్నారనుకుందాం. రాసేది ఆసామి కొడుకు. "నాయన, హనుమంతప్ప మామ, ఎర్రెమ్మ పెద్దమ్మ, మా సీను. పొద్దున ఏడింటికి మొదలుపెట్టినారు, ఎండెక్కే లోపల సగం కళ్లం చేసినారు." నాయనను ఇంట్లో పిలిచినట్టే పిలిచినాడు. హనుమంతప్పకూ ఎర్రెమ్మకూ ఊరి వరుస, నిండు పేరు దక్కినాయి. సీనుకు గాడు లేదు, "మా" ఉంది. ఒక్కొక్కరికీ విడివిడిగా డు పెట్టాలా, రు పెట్టాలా అనే తకరారు కూడా రాలేదు. నలుగురినీ కలిపి చెప్పినప్పుడు తెలుగు క్రియ తనంతట తానే "మొదలుపెట్టినారు" అవుతుంది. అందులో నాయనకు ఎంత వాటా ఉందో, ఎర్రెమ్మకూ సీనుకూ అంతే వాటా ఉంది.